అసలు మెసేజ్‌ల వరుసలోనే నకిలీ

2021 డిసెంబరులో సింగపూర్‌లోని ఓసీబీసీ బ్యాంకు ఖాతాదారులకు ఎస్ఎంఎస్‌లు వచ్చాయి. ఖాతాలో సమస్య ఉందని, లింకు నొక్కి సరిచేసుకోవాలని వాటి సారాంశం. అవి ముక్కూమొహం తెలియని నంబరు నుంచి రాలేదు. బ్యాంకు ఎప్పటి నుంచో పంపుతున్న ఓటీపీలు, లావాదేవీల సమాచారం ఉన్న వరుసలోనే, అదే పేరు కింద వచ్చి చేరాయి. పైనున్నవన్నీ అసలువి కావడంతో కిందిదాన్ని అనుమానించాలని చాలామందికి తోచలేదు.

లింకు నొక్కితే అచ్చం బ్యాంకు సైటులాంటి పేజీ తెరుచుకుంది. అక్కడ కొట్టిన యూజర్ ఐడీ, పిన్, ఓటీపీలతో మోసగాళ్లు తమ ఫోన్లో ఆ ఖాతాకు డిజిటల్ టోకెన్ పెట్టుకున్నారు. ఆ తర్వాత డబ్బు పంపడానికి ఖాతాదారుతో వాళ్లకు పనే లేదు. సుమారు 790 మంది 1.37 కోట్ల సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. ఆ సొమ్మంతా చివరికి బ్యాంకే భరించింది.

వాళ్లు బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడ్డారా? ఆ అవసరమే రాలేదు. సాంకేతికంగా, ఎస్ఎంఎస్ పంపేటప్పుడు నంబరుకు బదులు పదకొండు అక్షరాల వరకు ఏదైనా పేరు పెట్టవచ్చు. ఆ పేరు నిజంగా ఎవరిదో ఫోను తనిఖీ చేయదు. ఒకే పేరుతో వచ్చినవన్నీ ఒకచోట పేర్చడమే దానికి తెలిసిన పని. కాబట్టి పేరును కాయాల్సింది నెట్‌వర్కే.

సింగపూర్ ఆ దారే పట్టింది. 2023 జనవరి 31 నుంచి సంస్థలు తమ పేర్లను నమోదు చేసుకోవడం తప్పనిసరి చేసింది. నమోదు కాని పేరుతో వచ్చే మెసేజ్ Likely-SCAM అనే శీర్షిక కింద పడుతుంది. లింకులున్న ఎస్ఎంఎస్‌లు పంపడమూ బ్యాంకులు మానుకున్నాయి.

మన దేశంలో వ్యాపార సంస్థలు పంపేవారి పేరునే కాక మెసేజ్ నమూనానూ ముందే టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేయించాలి. 2025 నుంచి పేరు చివర ఒక అక్షరం కూడా కనిపిస్తోంది: ప్రచారానికి P, సేవలకు S, లావాదేవీలకు T, ప్రభుత్వానికి G. ఇది గట్టి కంచే. అయితే మోసగాళ్లు నకిలీ టవర్‌లా పనిచేసే పరికరాన్ని కారులో పెట్టుకుని తిరిగితే, చుట్టుపక్కల ఫోన్లు దానికి తగులుకుంటాయి. అందులోంచి వచ్చే మెసేజ్ టెలికాం కంపెనీ నెట్‌వర్కును తాకనే తాకదు, ఇక వడపోత ఎక్కడ? ఇలాంటి ముఠాలు లండన్, బ్యాంకాక్‌లలో పట్టుబడ్డాయి. పాత 2జీలో టవర్ అసలుదో కాదో ఫోను సరిచూసుకోలేదు, అదే వాళ్లకు ఆసరా. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపేసే సెట్టింగు ఉంది.

అందువల్ల మెసేజ్ ఏ వరుసలో ఉందన్నది రుజువు కాదు. అందులో లింకు ఉంటే నొక్కకుండా బ్యాంకు యాప్‌ను విడిగా తెరిచి చూడండి. కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసినా సరే. ఓటీపీ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోన్ చేయండి.