అంచనా 80 వేలు, బిల్లు 1.26 లక్షలు

గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కు 80,000 అవుతుందన్నారనుకుందాం. డిశ్చార్జి రోజున బిల్లు 1,26,000. అడ్వాన్సు పోను మిగతాది కట్టే ముందే కౌంటర్లో వివరమైన బిల్లు అడగండి. ‘మందులు, సామగ్రి: 31,000’ అన్న ఒక్క ముక్క చాలదు. ఏ వస్తువు, ఏ తేదీన, ఎన్ని, ఒక్కోటి ఎంత అన్నది ఉండాలి. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం దీన్ని హక్కుగానే చెబుతోంది.

ముందు అంచనా కాగితం చూడండి. ‘మందులు అదనం’ అని రాసి ఉంటే ఆ ఖర్చు పెరగడం తప్పు కాదు. కానీ వాడింది ఎంతో తేలాలి. నర్సు రాసే మందుల చార్టులో 6 ఇంజెక్షన్లుండి బిల్లులో 10 ఉంటే, మిగిలిన నాలుగూ ఫార్మసీకి తిరిగి వెళ్లాయా, ఆ సొమ్ము తగ్గించారా అని అడగాలి. ఎక్కువ తేడాలు ఇక్కడే దొరుకుతాయి.

గది మారినా చూసుకోవాలి. చాలా ఆసుపత్రుల్లో ఖరీదైన గదిలో చేరితే అద్దెతోపాటు డాక్టరు ఫీజూ, థియేటర్ చార్జీలూ పెరుగుతాయి. ఈ సంగతి ముందుగా చెప్పేవారు తక్కువ.

తేడాలను కాగితంపై రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.