సెలైన్ ఒకరికి ఊపిరి, మరొకరికి ఆయాసం

మే నెల మధ్యాహ్నం ఇద్దరు క్లినిక్ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారనుకోండి. ఇద్దరిదీ ఒకటే మాట: "ఒంట్లో సత్తువ లేదు డాక్టరు గారూ, ఓ సెలైన్ ఎక్కించండి." ఒకరు ఎండలో బస్తాలు మోసి, పైగా విరేచనాలతో వాడిపోయిన పాతికేళ్ల కుర్రాడు. ఇంకొకరు రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి, గుండె కండరం దెబ్బతిన్న పెద్దాయన. ఆ సీసాతో కుర్రాడు తేరుకుంటాడు. పెద్దాయనకు మాత్రం ఆ రాత్రే ఆయాసం రావచ్చు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండెలో ఎడమ జఠరిక ముడుచుకునే ముందు సుమారు 120 మి.లీ. రక్తంతో నిండుతుంది. ముడుచుకున్నాక 50 మి.లీ. లోపలే మిగులుతుంది. బయటికి వెళ్లిన ఆ 70 మి.లీ.నే స్ట్రోక్ వాల్యూమ్ అంటారు. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే 4,900 మి.లీ., అంటే దాదాపు 5 లీటర్లు. అది కార్డియాక్ అవుట్‌పుట్.

ఆ 70 మి.లీ. పెరగడం, తగ్గడం దేని మీద ఆధారపడుతుందో సైకిల్‌కి గాలి కొట్టినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. పంపు పిడిని పూర్తిగా పైకి లాగితేనే గొట్టం నిండా గాలి చేరుతుంది. సగమే లాగితే ఎంత బలంగా నొక్కినా వెళ్లేది సగమే. ముడుచుకునే ముందు గుండె ఎంత నిండిందన్నదే ప్రీలోడ్. ఇక టైరు గట్టిపడే కొద్దీ పిడి కదలనని మొరాయిస్తుంది. గుండెకు ఆ టైరు బృహద్ధమని. అందులో ఉన్న పీడనాన్ని మించితేనే కవాటం తెరుచుకుంటుంది. ఆ ఎదురు బరువు ఆఫ్టర్‌లోడ్. బీపీ పెరిగితే అదీ పెరుగుతుంది. మూడోది కొట్టేవాడి చేతి సత్తువ. గుండె కండరానికి ఆ సత్తువే కాంట్రాక్టిలిటీ.

అయితే పంపుకు లేని ఒక గుణం గుండెకు ఉంది. ఉండేలు రబ్బరును ఎంత సాగదీస్తే రాయి అంత దూరం పోయినట్టు, గుండె కండరం ఎంత సాగితే అంత గట్టిగా ముడుచుకుంటుంది. జర్మనీలో ఓటో ఫ్రాంక్, ఇంగ్లండులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ తేల్చిన సూత్రమిది. రబ్బరు పాతబడితే ఎంత లాగినా రాయి దగ్గర్లోనే పడుతుంది. పెద్దాయన గుండె అలాంటిదే.

ఇప్పుడు ఇద్దరి లెక్కా చూద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. కుర్రాడి ఒంట్లో నీరు తగ్గింది కాబట్టి గుండె 80 మి.లీ.కే నిండుతోంది. కండరం గట్టిది కాబట్టి అందులో 45 మి.లీ. బయటికి నెడుతోంది. లోటు పూడ్చడానికి నాడి 110కి పెరిగింది. నిమిషానికి 4,950 మి.లీ. అందుతోంది. పెద్దాయన గుండె సాగి 180 మి.లీ. పట్టేంత పెద్దదైంది. కానీ సత్తువ లేక 54 మి.లీ. మాత్రమే పంపుతోంది. నాడి 90. మొత్తం 4,860 మి.లీ.

చివరికి ఇద్దరికీ అందేది దాదాపు ఒకటే. కానీ కుర్రాడికి తగ్గింది ప్రీలోడ్, పెద్దాయనకు తగ్గింది కాంట్రాక్టిలిటీ. సెలైన్ పెంచేది ప్రీలోడ్‌ను మాత్రమే. కుర్రాడి గుండె 110 మి.లీ.కి నిండితే 65 మి.లీ. పంపుతుంది, నాడి 76కి దిగినా లెక్క సరిపోతుంది. పెద్దాయన గుండె ఇప్పటికే నిండుగా ఉంది. ఇంకా పోస్తే బయటికి వెళ్లేది పెద్దగా పెరగదు, ఒత్తిడి వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది.

అందుకే ఆయనకు డాక్టర్లు రెండు వైపుల నుంచి సాయం చేస్తారు. మూత్రం ఎక్కువగా పోయే మాత్రతో అదనపు నీటిని తగ్గిస్తారు. రక్తనాళాలను సడలించే మాత్రతో ఆఫ్టర్‌లోడ్ దించుతారు. చేతి సత్తువ అంతే ఉన్నా టైరు మెత్తబడితే పిడి ఇంకాస్త కిందికి దిగుతుంది కదా! 54 మి.లీ. కాస్తా 60కి చేరవచ్చు.

తేడా ఒంటి మీదే కనిపిస్తుంది. నాలుక పిడచకట్టడం, మూత్రం తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం కుర్రాడి లక్షణాలు. పాదాల వాపు, మెడలో ఉబ్బిన సిరలు, రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోవడం పెద్దాయనవి.

అయినా అనుమానం తీరకపోతే ఐసీయూలో ఒక పరీక్ష చేస్తారు. రోగిని పడుకోబెట్టి కాళ్లు 45 డిగ్రీలు పైకెత్తుతారు. కాళ్లలోని సుమారు 300 మి.లీ. రక్తం గుండె వైపు జారుతుంది. నిమిషంలోపే కార్డియాక్ అవుట్‌పుట్ 10 శాతమో అంతకు మించో పెరిగితే, ఆ గుండె ఇంకా నీటిని వాడుకోగలదన్నమాట. పెరగకపోతే కాళ్లు కిందికి దించేస్తారు, వచ్చిన రక్తం వచ్చిన దారినే పోతుంది. సిరలోకి ఎక్కించిన సెలైన్‌ను అలా వెనక్కి తీసుకోలేం.