సీర్‌సకర్, క్రేప్, ట్వీడ్: గరుకుదనం ఎలా పుడుతుంది?

సీర్‌సకర్, క్రేప్, ట్వీడ్ మూడూ కళ్లు మూసుకుని తడిమినా గుర్తుపట్టగల బట్టలు. సీర్‌సకర్‌లో నిలువు చారల వెంట ముడతలు తేలి ఉంటాయి. క్రేప్ వేళ్లకు సన్నని ఇసుకలా తగులుతుంది. ట్వీడ్ దళసరిగా, నూగుతో ఉంటుంది. ఈ గరుకుదనం నేత పూర్తయ్యాక పైన అద్దింది కాదు. సీర్‌సకర్‌కు అది పడుగు బిగింపు నుంచి, క్రేప్‌కు నూలు పురి నుంచి, ట్వీడ్‌కు ఉన్ని పోగుల చిక్కు నుంచి వస్తుంది. ఏ బట్ట ఎందుకు పాడవుతుందో కూడా అక్కడే తెలుస్తుంది.

మామూలు బట్ట నేసేటప్పుడు పడుగు దారాలన్నీ ఒకే బీము నుంచి, ఒకే బిగింపుతో వస్తాయి. సీర్‌సకర్‌కు రెండు బీములు కావాలి. ఒకదాని దారాలను గట్టిగా లాగి ఉంచుతారు, రెండోదాని దారాలను వదులుగా, కొంచెం ఎక్కువ వేగంతో వదులుతారు. ఒక చార బిగువు దారాలది, పక్క చార వదులు దారాలది. పేక రెండింటినీ కలిపి నేస్తుంది. మగ్గం మీద నుంచి దించగానే బిగువు చార సర్దుకుని చదునుగా నిలుస్తుంది. పొడవెక్కువైన వదులు చారకు పరుచుకునే చోటు లేక పైకి ఉబ్బుతుంది. ఈ నేతకు మగ్గం నెమ్మదిగా నడపాలి కాబట్టి అసలు సీర్‌సకర్ ధర కాస్త ఎక్కువే.

చవకదారి ఒకటుంది. మామూలు నూలు బట్ట మీద చారలుగా కాస్టిక్ సోడా పట్టిస్తే, అది తగిలిన చోట నూలు ముడుచుకుని, తగలని చోట బట్ట ఉబ్బుతుంది. దీన్ని ప్లిస్సే అంటారు. చూపుకు సీర్‌సకర్‌లాగే ఉంటుంది కానీ ఉతుకుతూ ఇస్త్రీ చేస్తూ పోతే ఉబ్బులు అణిగిపోతాయి. అనుమానం వస్తే లోపలి అంచున ఉబ్బు చారలోంచి ఒక పడుగు దారం, చదును చారలోంచి ఒకటి, బట్ట మీద సరిగ్గా ఒకే పొడవున కత్తిరించి బయటికి తీసి చాచి చూడాలి. అసలు సీర్‌సకర్ అయితే ఉబ్బు చార దారమే స్పష్టంగా పొడవు ఉంటుంది.

ఉబ్బులు బట్టను ఒంటికి అంటనివ్వవు, గాలి ఆడుతుంది. ఉక్కపోసే న్యూ ఆర్లీన్స్‌లో జోసెఫ్ హాస్పెల్ 1909లో దీనితో సూట్లు కుట్టించడానికి కారణం అదే. మూడింటిలో దీని సంరక్షణ తేలిక. మెషీన్‌లో వేసుకోవచ్చు. పిండాక నాలుగు వైపులా విదిలించి, చారలు నిలువుగా ఉండేలా హ్యాంగరుకు తగిలిస్తే చాలు. ఇస్త్రీ అక్కర్లేదు. పొరపాటున చేసినా ప్రమాదం లేదు. దారాల పొడవులో తేడా అలాగే ఉంటుంది కాబట్టి మరోసారి నీళ్లు తగలగానే ముడతలు తిరిగి లేస్తాయి.

క్రేప్ సంగతి ఇంత తేలిక కాదు. ఏ నూలుకైనా పురి ఉండాల్సిందే, లేకపోతే పోగులు విడిపోతాయి. క్రేప్ పట్టుకు ఆ అవసరాన్ని మించి, మీటరుకు 2000 నుంచి 3000 చుట్ల దాకా పురి ఎక్కిస్తారు. అంత పురి పడ్డ దారం ఊరకే ఉండదు, వదిలితే మెలికలు తిరిగి తనకు తానే చుట్టుకుంటుంది. పట్టులో సహజంగా ఉండే జిగురు దాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచుతుంది కాబట్టే మగ్గం మీద నేయడం కుదురుతుంది. పేకలో రెండు దారాలు కుడి పురివి, రెండు ఎడమ పురివి, ఇలా మార్చి మార్చి వేస్తారు. నేసి దించినప్పుడు బట్ట చదునుగా, బిరుసుగా ఉంటుంది, క్రేప్‌లా ఉండనే ఉండదు. వేడి సబ్బు నీళ్లలో ఉడకబెట్టి జిగురు తీసినప్పుడు దారాలన్నీ ఒక్కసారి మెలికపడతాయి. కుడి పురివి ఒకవైపు, ఎడమ పురివి రెండోవైపు లాగడంతో బట్ట ముడుచుకుని, పైన ఆ సన్నని గరుకు తేలుతుంది. పాత క్రేప్ చీర లోపలి అంచు నుంచి నాలుగు పేక దారాలు వరసగా లాగి అరచేతిలో వేసుకుంటే అవి ఎదురెదురు దిక్కులకు మెలితిరగడం కంటికే కనిపిస్తుంది.

క్రేప్ డి షీన్‌లో పురి పేకకే, పడుగు దాదాపు పురి లేని పట్టు. జార్జెట్‌లో పడుగుకూ పేకకూ రెండింటికీ పురి ఉంటుంది. తడిస్తే ఏం జరుగుతుందనేది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. నీళ్లు పీల్చిన పోగులు లావెక్కుతాయి. లావెక్కిన దారం చుట్టూ తిరగడానికి పోగులకు పొడవు చాలదు, దాంతో దారమే పొట్టిదవుతుంది. పురి ఎంత ఎక్కువైతే ముడుచుకోవడం అంత ఎక్కువ. పేకకే పురి ఉన్న పట్టు క్రేప్ చీర 46 అంగుళాల పన్నా ఉందనుకుంటే, 5 శాతం ముడుచుకుంటే 2 అంగుళాలకు పైగా పోతాయి. పొడవు పెద్దగా మారదు కానీ కట్టుకుంటే చీర చీలమండ పైకి వస్తుంది. జార్జెట్ అయితే పొడవూ తగ్గుతుంది. కింద కుట్టిన ఫాల్ అంతగా ముడుచుకోదు కాబట్టి అంచు వెంట అలలు పడతాయి. రోలింగ్‌కు ఇస్తే పన్నా సాగి తిరిగి వస్తుంది గానీ గరుకు కొంత అణుగుతుంది, మళ్లీ తడిస్తే మళ్లీ ముడుచుకుంటుంది.

అందుకే పట్టు, విస్కోస్ క్రేప్‌లకు డ్రై క్లీనింగే మేలు. జాకెట్టు గుడ్డ అయితే ఇంట్లో ఉతకాలనుకునేవారు కత్తిరించకముందే ఒకసారి తడిపి ఆరబెట్టాలి, ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది. ఉతికినా చల్లని నీళ్లలో, మెత్తని సబ్బుతో ముంచి తీయాలే తప్ప పిండకూడదు. తువ్వాలులో చుట్టి నీరు అద్దాలి. ఇస్త్రీ తక్కువ వేడి మీద, లోపలి వైపు నుంచి, పెట్టెను లాగకుండా చేయాలి. పాలిస్టర్ క్రేప్‌కు ఈ భయాలు లేవు. వేడితో దాని దారాన్ని అదే ఆకారంలో కుదిర్చేస్తారు, పైగా పాలిస్టర్ నీళ్లు పీల్చదు. అసలు శత్రువు వేడి ఇస్త్రీ పెట్టె మాత్రమే.

ట్వీడ్ తడిదేశపు బట్ట. స్కాట్లాండు పశ్చిమ తీరంలోని అవుటర్ హెబ్రిడీస్ దీవుల్లో నేసే హ్యారిస్ ట్వీడ్‌కు 1993లో ప్రత్యేక చట్టమే ఉంది. ఆ దీవుల్లోనే రంగు వేసి వడికిన ఉన్నితో, నేతకారులు తమ ఇళ్ల దగ్గరే నేసినదానికే ఆ పేరు. సన్న సూటింగ్ ఉన్నిని దువ్వి పోగులన్నీ ఒకే దిక్కుకు తిప్పి వడుకుతారు. ట్వీడ్ ఉన్నిని అలా దువ్వరు. పొట్టివీ పొడవువీ అడ్డదిడ్డంగా కలిసిపోయి, నూలు మెత్తగా, నూగుగా వస్తుంది. ఆ సందుల్లో నిలిచిన గాలే వెచ్చదనం. రంగు వడకకముందే వేస్తారు. గోధుమ రంగులా కనిపించే ఒక దారాన్ని విప్పి వెలుతురులో చూస్తే ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగు పోగులు విడివిడిగా బయటపడతాయి. నేత ఎక్కువగా ఏటవాలు గీతలు పడే ట్విల్, లేదా ఆ గీతలు దిశ మార్చుకునే చేపముల్లు.

నేశాక సబ్బు నీళ్లలో బట్టను మర్దిస్తారు. ఉన్ని పోగు మీద సన్నని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుని బట్ట బిగుస్తుంది. మిల్లులో కావలసినంతవరకే చేసి ఆపే ఈ పనే వాషింగ్ మెషీన్‌లో అదుపు తప్పి, కోటు పిల్లల కొలతకు వస్తుంది. అందువల్ల ట్వీడ్‌ను తడపకపోవడమే మంచిది. వేసుకున్న ప్రతిసారీ బ్రష్‌తో దుమ్ము దులిపి, ఒక రోజు గాలికి తగిలించాలి. డ్రై క్లీనింగ్ నిజంగా మురికి పట్టినప్పుడు చాలు.

ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో తెచ్చిన కోటు మన ఇళ్లలో చలికంటే చిమ్మటకే ఎక్కువ పనికొస్తుంది. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. దానికి చెమట, నూనె మరకలున్న చోటు మరీ ఇష్టం, కాబట్టి దాచేముందు కోటు శుభ్రంగా ఉండాలి. కలరా ఉండలు గాలి చొరని పెట్టెలోనే పనిచేస్తాయి, తలుపు సందులున్న బీరువాలో వాసన తప్ప ఫలితం ఉండదు. కాలర్ కింద, జేబు మడతల్లో చిన్న రంధ్రాలు, గూడులాంటి పొర కనిపిస్తే కోటును ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. తీశాక సంచి వెంటనే విప్పకూడదు. మామూలు వేడికి వచ్చేదాకా ఆగితే తేమ సంచి బయటే చేరుతుంది, కోటు తడవదు.