చదువు ముందు ఆగిందా, పెళ్ళి ముందు కుదిరిందా? జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో ఒక పరిశోధనా ప్రణాళిక

చదువు ఆపేసిన ఆడపిల్ల గురించి బళ్ళో అడిగితే "పెళ్ళి చేశారండీ, మానేసింది" అంటారు. సర్వే కాగితంలో 'కారణం' అనే గడిలోనూ 'పెళ్ళి' అనే రాసుకుంటారు. అదే పిల్ల తల్లిని కూచోబెట్టి అడిగితే మాట తిరగబడుతుంది: "మానేసి ఇంట్లో ఉంది, ఊరికే ఎన్నాళ్ళు ఉంచుకుంటాం, అందుకని చేశాం." ఈ రెండు జవాబుల మధ్య తేడా మాటల తేడా కాదు. మొదటిది నిజమైతే పెళ్ళి ఆపితే చదువు నిలబడుతుంది. రెండోది నిజమైతే పెళ్ళి ఆపినా ఆ పిల్ల బడికి తిరిగి వెళ్ళదు, మిరప చేలోకే వెళుతుంది. ఎక్కడ పనిచెయ్యాలో తెలియాలంటే ఏది ముందో తెలియాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. దేశం మొత్తానికి అది 23.3 శాతం. ఈ అంకె ఎంతమందో చెబుతుంది. ఏది ముందు జరిగిందో చెప్పదు. అది చెప్పగలిగింది ఆ పిల్లలే. వాళ్ళని ఎట్లా అడగాలన్నదే ఈ వ్యాసం.

ఎక్కడ

జగ్గయ్యపేట, నందిగామ పాత కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. సాగర్ ఎడమ కాలవ నీళ్ళు అందినచోట వరి ఉన్నా, కూలికి దారి చూపేది పత్తి, మిరప. పత్తి తీసేదీ, మిరపకాయలు కోసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. మిరప కోతలు సంక్రాంతి తర్వాత ఊపందుకుని ఎండలు ముదిరేదాకా సాగుతాయి. పదో తరగతి పరీక్షలు వచ్చేది కూడా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. మాల, మాదిగ పల్లెల్లో తల్లి ఒక్కతే కూలికి వెళితే ఒక కూలి, పిల్ల కూడా వెళితే రెండు కూళ్ళు. బడి హాజరులో మొదటి గండి ఇక్కడే పడుతుందా అన్నది మనం తేల్చుకోవలసిన మొదటి అంశం.

రెండో గండి పది తర్వాత. ఊళ్ళో గానీ పక్క ఊళ్ళో గానీ ఉండే హైస్కూలు పదితో ఆగిపోతుంది. ఇంటర్ చదవాలంటే ఎక్కువమంది టౌనుకు రావాలి. అంటే బస్సు, ఆటో, పొద్దుపోయాక రావడం, దారిలో ఎవరు చూశారు, ఎవరితో మాట్లాడింది అనే మాటలు. ఫలితాలు వచ్చి, కాలేజీలో చేరేలోగా ఉండే ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళ కాలం కూడా.

ఒక్క రోజు కాదు, రెండు నిచ్చెనలు

బడి మానడం గానీ, పెళ్ళి గానీ ఒక్క రోజున జరిగే పని కాదు. మొదట పది రోజులకు పైగా బడికి పోకపోవడం, తర్వాత పూర్తిగా మానడం, ఆ తర్వాత ఎప్పుడో హాజరుపట్టీలో పేరు కొట్టెయ్యడం, చివరికి టీసీ తెచ్చుకోవడం. ఇవి చదువు వైపు నాలుగు మెట్లు. పెళ్ళి వైపు కూడా నాలుగు: సంబంధం మాట మొదటిసారి ఇంట్లో వినపడ్డం, పెద్దవాళ్ళు మాట ఇచ్చుకోవడం, ప్రధానం, పెళ్ళి. ఈ రెండు నిచ్చెనలనీ పక్కపక్కన పెట్టి, ఏ మెట్టు ఏ మెట్టుకు ముందో చూడ్డమే ఈ పరిశోధన పద్ధతి.

తారీఖులు అడిగితే రావు, వచ్చినా నమ్మడానికి లేదు. ఆధార్ కార్డులోని పుట్టిన తేదీ చాలాసార్లు బళ్ళో వేసినదే. అందుకని అందరికీ గుర్తుండే సంగతులను గుంజలుగా పాతుకోవాలి: 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలు, 2020 మార్చి లాక్‌డౌన్, 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు వరద. వాటి మధ్య ఏటేటా వచ్చే పెనుగంచిప్రోలు తిరునాళ్ళు, పత్తి తీతలు, మిరప కోతలు. "మీరు తొమ్మిదో, పదో? కోతల ముందా తర్వాతా?" అంటే సరయిన జవాబు దొరుకుతుంది. ఒకటి గమనించాలి. 2020లోనూ, 2021లోనూ రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు. ఆ రెండేళ్ళ పిల్లలకు 'పది పాస్' అన్న మాట, చివరిదాకా బడికి వెళ్ళారని రుజువు కాదు.

ఎవర్ని

ఒక్కొక్కచోట రెండు ఊళ్ళు, మొత్తం నాలుగు. ఒకటి కాలవ కింద, ఒకటి వానాధారం. ప్రతి ఊళ్ళోనూ మాల పల్లె, మాదిగ పల్లె రెంటికీ వెళ్ళాలి. 'ఎస్సీ' అని కలిపేస్తే వాటి మధ్య తేడా మాయమవుతుంది. 18 నుంచి 24 ఏళ్ళ యువతులు 24 మంది చాలు, మూడు గుంపులుగా ఎనిమిదేసి మంది: పది పూర్తికాకుండా మానేసి 18 లోపు పెళ్ళయినవాళ్ళు, పది పూర్తయ్యాక 18 లోపు పెళ్ళయినవాళ్ళు, 18 నిండేదాకా పెళ్ళి కాకుండా ఇంటర్ పూర్తి చేసినవాళ్ళు. మూడో గుంపు తప్పనిసరి. అదే కూలి, అదే ఆటో, అదే పల్లె ఉండి కూడా వాళ్ళు ఎట్లా గట్టెక్కారో తెలియకపోతే మొదటి రెండు గుంపుల కథలకు అర్థం దొరకదు. వీళ్ళు కాక ఎనిమిది మంది తల్లులు, నలుగురు తండ్రులు, నలుగురు టీచర్లు. ఇంత తక్కువమందితో శాతాలు కట్టకూడదు. 'ఇన్ని దారుల్లో జరుగుతోంది' అని చెప్పవచ్చు గానీ, 'ఇంతమందికి జరుగుతోంది' అని చెప్పలేం.

18 నిండనివాళ్ళను ఎందుకు అడగడం లేదంటే, చట్టం. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద పెళ్ళి చేసినవాళ్ళు, జరిపించినవాళ్ళు శిక్షార్హులు. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 18 నిండని భార్యతో సంసారం కూడా నేరమైంది. 2012 పోక్సో చట్టం ప్రకారం అటువంటి సంగతి తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పాలి. చెప్పకపోవడం నేరం. 18 నిండినవాళ్ళను జరిగిపోయిన సంగతి అడిగినంత మాత్రాన ఈ బాధ్యత పూర్తిగా తొలగిపోదు. అందుకని సంసారం గురించి అడగకూడదు, ఊరికి వెళ్ళకముందే వకీలు సలహా తీసుకోవాలి. మనం ఎక్కడిదాకా గుట్టుగా ఉంచగలమో మొదటి నిమిషంలోనే ఆమెకు చెప్పాలి. రికార్డు చేసిన మాట రేపు ఆమె తల్లిదండ్రుల మీద సాక్ష్యం కాకూడదు. పేర్లు, తారీఖులు రాయకుండా, తరగతి, కోతలు, వరుసక్రమం మాత్రమే రాసుకోవడానికి అసలు కారణం ఇదే. మతం కూడా అడగొద్దు. పల్లెల్లో చాలామంది చర్చికి వెళతారు, కాగితాల మీద ఎస్సీ హిందువులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నంతకాలం, మనం రాసుకున్న ఒక్క మాట వాళ్ళ సర్టిఫికెట్టుకు ఎసరు పెట్టవచ్చు.

ప్రశ్నల ముసాయిదా (యువతులకు)

ఊళ్ళోవాళ్ళు పల్లె ఆడవాళ్ళను 'ఏమే' అని పిలిచే చోట మన పిలుపు 'మీరు' అనే ఉండాలి. అడిగేది ఆడమనిషే కావాలి. వరస మార్చుకోవచ్చు, మాట మార్చుకోవచ్చు. 'ఎందుకు' అని మాత్రం మొదలుపెట్టొద్దు. 'ఎందుకు' అంటే 'పెళ్ళి' అన్న తయారు జవాబే వస్తుంది.

1. మీరు ఏ బళ్ళో చదివారు? ఇంటి నుంచి ఎట్లా వెళ్ళేవాళ్ళు, ఎవరితో?
2. ఒక మామూలు బడి రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి. ఇంట్లో ఏ పని మీది?
3. పత్తి తీతలకూ, మిరప కోతలకూ మొదటిసారి ఏ తరగతిలో ఉండగా వెళ్ళారు? ఆ ఏడాది ఎన్నాళ్ళు బడికి పోలేదు? మళ్ళీ వెళ్ళినప్పుడు క్లాసులో ఏమన్నారు?
4. బళ్ళో మిమ్మల్ని ఎక్కడ కూచోబెట్టేవాళ్ళు, ఏమని పిలిచేవాళ్ళు?
5. పెద్దమనిషి అయ్యాక ఇంట్లో ఏం మారింది? బడికి ఎన్నాళ్ళకు వెళ్ళారు?
6. సంబంధం మాట మొదటిసారి ఎవరి నోట విన్నారు? అప్పుడు ఏ తరగతి? మేనరికమా, బయటి సంబంధమా?
7. మాట ఇచ్చుకున్నప్పుడు మీరు ఎక్కడున్నారు? మిమ్మల్ని ఎవరన్నా అడిగారా, ఏమని?
8. బడికి ఆఖరుసారి వెళ్ళిన రోజు గుర్తుందా? అది ఆఖరుదని అప్పుడు తెలుసా?
9. ఆ ఏడు ఇంట్లో డబ్బు సంగతి ఎట్లా ఉంది? పంట, అప్పు, జబ్బు, అన్నదమ్ముల చదువు?
10. కట్నం మాట ఎట్లా నడిచింది? ఇంకా చదివిస్తే పెరుగుతుందన్నారా, తగ్గుతుందన్నారా?
11. పెళ్ళి ఆపాలని చూసినవాళ్ళు, బడికి తిరిగి పంపాలని చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఏం చేశారు?
12. మీ చెల్లెలు ఇప్పుడు అదే తరగతిలో ఉంటే ఇంట్లో ఏం జరగాలంటారు?

ఒక కథను చదవడం

ప్రశ్నలు ఎట్లా పనిచేస్తాయో చూపడానికి ఒక ఊహా కథ తీసుకుందాం. 'కారణం' గడిలో ఆమెకు 'పెళ్ళి' అని ఉంది. మూడో ప్రశ్నకు ఆమె చెప్పింది: తొమ్మిదిలో మిరప కోతలకు నెల రోజులు పోయాను. పదిలో సంక్రాంతి నుంచీ పోయాను. పరీక్ష రాశాను, లెక్కల్లో పోయింది. సప్లిమెంటరీకి ఫీజు కట్టలేదు. ఎనిమిదో ప్రశ్నకు: ఆఖరుదని తెలీదు, మళ్ళీ రాద్దామనే అనుకున్నా. ఆరో ప్రశ్నకు: దీపావళి అయ్యాక అత్త వచ్చి అడిగింది. పెళ్ళి ఆ మాఘంలో.

రెండు నిచ్చెనలనూ పక్కన పెడితే సంగతి కనిపిస్తుంది. చదువు వైపు రెండు మెట్లు సంబంధం మాటకు ఎన్నో నెలల ముందే దిగిపోయాయి. ఆమె చదువు ఆగింది లెక్కల పేపరు దగ్గర, దానికి ముందు మిరప చేలో. పెళ్ళి ఆ ఖాళీలోకి వచ్చి కూచుంది. మేనరికం అయినచోట దీనికి తలకిందులుగా, మాట పుట్టిననాడే ఉండి, బడి ఎప్పుడాగితే అప్పుడే ముహూర్తం కావచ్చు. అక్కడ 'మాట' అన్న మెట్టును, 'ఎప్పుడు చేద్దాం' అన్న మెట్టును విడదీసి రాసుకోవాలి.

ఎక్కడ చెడుతుంది

అత్తగారు గడపలో కూచుంటే జవాబులన్నీ "నా ఇష్టమేనండీ" అని పొట్టిగా వస్తాయి. అట్లా వరసగా మూడు వస్తే ఆ రోజుకు ఆపి, వీలైతే పుట్టింటికి వచ్చినప్పుడు అడగాలి. టీచర్ల మాటల్లో 'వీళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు' అని వస్తే అది కారణంగా కాదు, బడి ఆ పిల్లలను ఎట్లా చూసిందో చెప్పే సాక్ష్యంగా రాసుకోవాలి. పథకాల డబ్బు పంచేవాళ్ళమనుకుంటే కథే మారిపోతుంది. 2022 అక్టోబరులో మొదలైన కల్యాణమస్తుకు వధూవరులిద్దరూ పది పాస్ కావాలనీ, వధువుకు 18 నిండాలనీ నియమం పెట్టారు. అటువంటి నియమం తెలిసిన ఇంట్లో వయసు, చదువు రెండూ నియమానికి సరిపడా చెబుతారు. మనం పథకం వాళ్ళం కామని మొదటే చెప్పాలి, రెండోసారి వెళ్ళినప్పుడు మళ్ళీ చెప్పాలి.

ఊళ్ళో ఉండగా ఎవరన్నా చిన్నపిల్లకు పెళ్ళి కుదిరిందని తెలిస్తే ఏం చేస్తామన్నది ముందే తేల్చుకోవాలి. 1098కి ఫోను చెయ్యడం పరిశోధన తర్వాతి పని కాదు. ఆ సంగతి కూడా మాట మొదలుపెట్టేటప్పుడే చెబితే, చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ చేతిలో ఉంటుంది.

మొదటి ఊళ్ళో నాలుగు మాటామంతీ అయ్యాక ఈ ముసాయిదాను పక్కన పెట్టి చూడాలి. ఏ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు వస్తోందో దాన్ని కొట్టెయ్యాలి. నాలుగు ఊళ్ళూ అయ్యాక రెండు నిచ్చెనల పటాలను, పేర్లూ ఊళ్ళూ లేకుండా, అదే పల్లెల్లో ఆడవాళ్ళ ముందు పరిచి, మనం వేసిన వరస సరయిందో కాదో వాళ్ళతోనే చెప్పించుకోవాలి. వాళ్ళు దిద్దిన వరసే అచ్చుకు వెళ్ళాలి.