పన్నెండు గీతల్లో నలభై నాలుగు త్రిభుజాలు

వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. రూళ్ల కాగితం మీద స్కేలు పెట్టి గీసిన చతురస్రం, దాని లోపల నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా కొన్ని గీతలు. కింద ప్రశ్న: ‘ఇందులో త్రిభుజాలెన్ని? చతురస్రాలెన్ని?’ కాసేపటికే జవాబులు వరసకడతాయి. ఒకరు 28 అంటారు, ఇంకొకరు 36, మరొకరు 40. అందరూ శ్రద్ధగానే లెక్కపెట్టారు. కాకపోతే ఎవరి కంటికి ఆనినవి వాళ్లు లెక్కపెట్టారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లకు రీజనింగ్‌లో ఇది పాత చుట్టమే. అక్కడ ఆప్షన్లు కూడా ఇలాగే దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక్కటి తప్పిపోయినా మార్కు పోతుంది.

ఈ తరహా బొమ్మల్లో బాగా తిరిగేది ఒకటుంది. కాగితం తీసుకుని గీస్తే మిగతా సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ముందు పెద్ద చతురస్రం గీయాలి. ఎదురెదురు మూలల్ని కలుపుతూ రెండు కర్ణాలు గీయాలి. ఎదురెదురు భుజాల మధ్యబిందువుల్ని కలుపుతూ ఒక నిలువు గీత, ఒక అడ్డగీత. చివరగా పక్కపక్క భుజాల మధ్యబిందువుల్ని కలుపుతూ నాలుగు ఏటవాలు గీతలు గీస్తే లోపల వజ్రంలా మొన మీద నిలబడ్డ చతురస్రం వస్తుంది. భుజాలు 4, కర్ణాలు 2, మధ్య గీతలు 2, వజ్రం గీతలు 4. మొత్తం 12 గీతలు.

ఇంత చిన్న బొమ్మలో కన్ను ఎందుకు తడబడుతుంది? జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ గాట్‌షాల్ట్ 1926లో ఈ దాగిన బొమ్మల మీద ప్రయోగాలు ప్రచురించాడు. ఒక చిన్న ఆకారాన్ని కొందరికి మూడుసార్లు, మరికొందరికి 520 సార్లు చూపించి, తర్వాత అదే ఆకారం కలిసిపోయి ఉన్న పెద్ద బొమ్మను వాళ్ల ముందు పెట్టాడు. అన్నిసార్లు చూసినవాళ్లకు కూడా పెద్దగా ఒరిగిందేమీ లేదు. కన్ను ముందుగా మొత్తం ఆకారాన్ని పట్టుకుంటుంది. ఒక గీత ఆ పెద్ద ఆకారంలో భాగమయ్యాక, అదే గీత ఇంకో చిన్న ఆకారానికి అంచు కూడా అన్న సంగతి మరుగున పడుతుంది. పై బొమ్మలో అడ్డంగా ఉన్న మధ్య గీత చూడగానే చతురస్రాన్ని రెండుగా కోసే గీతలా కనిపిస్తుంది. అదే గీత వజ్రం పై సగానికి, కింది సగానికి కూడా ఒక భుజం. ఆ రెండు సగాలూ త్రిభుజాలే. చాలామంది లెక్కలో గల్లంతయ్యేవి ఇలాంటివే.

అందుకే ‘ఇంకోసారి బాగా చూడు’ అనే సలహా ఇక్కడ పనికిరాదు. చూసే వరస మారాలి.

మొదటి పని, బొమ్మలో ఇంకే గీతా లోపలికి రాని చిన్న గళ్లన్నిటికీ నంబర్లు వెయ్యడం. మధ్య గీతలు పెద్ద చతురస్రాన్ని నాలుగు చిన్న చతురస్రాలుగా చేస్తాయి. ఒక్కో చిన్న చతురస్రంలో మూల నుంచి మూలకు రెండు గీతలు పోతాయి: ఒకటి పెద్ద కర్ణంలో సగం, రెండోది వజ్రం భుజం. ఆ రెండూ దాన్ని నాలుగు గళ్లుగా కోస్తాయి. కాబట్టి మొత్తం గళ్లు 16.

ఇక్కడే ఒక సరిచూపు ఉంది. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరు మీద ఉన్న సూత్రం ప్రకారం, ఇలా ఒక్క ముక్కగా కలిసి ఉన్న బొమ్మలో గీతలు కలిసే బిందువుల సంఖ్యకు గళ్ల సంఖ్య కలిపితే, బిందువుల మధ్య ఉన్న గీత ముక్కల సంఖ్య కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ రావాలి. ఈ బొమ్మలో బిందువులు 13: మూలలు నాలుగు, భుజాల మధ్యబిందువులు నాలుగు, నట్టనడుమ ఒకటి, చిన్న చతురస్రాల కేంద్రాలు నాలుగు. గీత ముక్కలు 28. పదమూడూ పదహారూ కలిపితే 29. లెక్క కుదిరింది కాబట్టి నంబరు పడని గడి ఏదీ లేదు.

రెండో పని, ఎన్నెన్ని గళ్లు కలిస్తే త్రిభుజం అవుతుందో ముందే తేల్చుకోవడం. మామూలుగా అందరూ ఒక గడి, రెండు గళ్లు, మూడు గళ్లు అంటూ వెతుక్కుంటూ పోతారు. ఈ బొమ్మలో అంత తిప్పలు అక్కర్లేదు. గీతలన్నీ నాలుగు దిశల్లోనే ఉన్నాయి: అడ్డం, నిలువు, రెండు ఏటవాలు దిశలు. ఏ రెండు గీతలు కలిసినా వాటి మధ్య కోణం 45, 90 లేదా 135 డిగ్రీలే. త్రిభుజంలో మూడు కోణాలు కలిపి 180 కావాలంటే 45, 45, 90 తప్ప ఇంకో దారి లేదు. అంటే ఇక్కడి ప్రతి త్రిభుజమూ రెండు భుజాలు సమానంగా ఉన్న లంబకోణ త్రిభుజమే. అలాంటివి ఈ బొమ్మలో నాలుగు సైజుల్లోనే దొరుకుతాయి: 1 గడి, 2 గళ్లు, 4 గళ్లు, 8 గళ్లు. మూడు గళ్ల త్రిభుజం కోసం వెతకడం దండగ.

ఇక లెక్క. ఒక్క గడితో ఉన్నవి 16. రెండేసి గళ్లతో ఏర్పడేవి ప్రతి చిన్న చతురస్రంలోనూ నాలుగు, ఎందుకంటే దాని రెండు కర్ణాల్లో ఒక్కొక్కటీ దాన్ని రెండేసి సగాలు చేస్తుంది. అవి మొత్తం 16. నాలుగు గళ్ల త్రిభుజాలు రెండు రకాలు. పెద్ద చతురస్రం భుజం ఆధారంగా, మొన నట్టనడుమ ఉండేవి 4. మధ్య గీత ఆధారంగా, మొన ఏదో ఒక భుజం మధ్యబిందువు దగ్గర ఉండేవి, అంటే వజ్రం సగాలు, మరో 4. ఎనిమిది గళ్లవి పెద్ద చతురస్రం సగాలు. ఒక్కో కర్ణానికి రెండు చొప్పున 4. పదహారు, పదహారు, ఎనిమిది, నాలుగు కలిపితే 44 త్రిభుజాలు. 40 అని జవాబిచ్చినవాళ్లు వజ్రం సగాలు నాలుగింటినీ వదిలేసి ఉండొచ్చు.

చతురస్రాల్లో కన్ను మోసపోయేది ఒరిగి ఉన్నవాటి దగ్గర. నిటారుగా ఉన్నవి తేలిక: చిన్నవి 4, పెద్దది 1. ఒరిగినవాటిలో వజ్రం ఎవరికైనా కనిపిస్తుంది. దాని లోపల మరో నాలుగు ఉన్నాయి. నట్టనడుమ నుంచి ఏదైనా ఒక భుజం మధ్యబిందువుకు పోయే సగం గీతను తీసుకుంటే, దానికి అటూ ఇటూ ఆనుకుని ఒక్కో గడి ఉంటుంది. ఆ రెండూ కలిస్తే మొన మీద నిలబడ్డ బుల్లి చతురస్రం. అలాంటి సగం గీతలు నాలుగు కాబట్టి ఆ చతురస్రాలూ నాలుగే. మొత్తం 10.

వచ్చిన జవాబును సరిచూడాలంటే మళ్లీ అదే వరసలో లెక్కపెడితే లాభం లేదు. మొదటిసారి జారిపోయింది రెండోసారీ అక్కడే జారిపోతుంది. వేరే దారిలో రావాలి. ప్రతి త్రిభుజానికీ ఒకే ఒక్క లంబకోణం ఉంది కాబట్టి, పదమూడు బిందువుల్లో ఒక్కో దాని దగ్గర ఎన్ని త్రిభుజాల లంబకోణం పడుతుందో చూస్తే చాలు. పెద్ద మూల దగ్గర రెండు: ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. నాలుగు మూలలకు 8. భుజం మధ్యబిందువు దగ్గర మూడు: అటొకటి, ఇటొకటి, వజ్రం సగం ఒకటి. నాలుగింటికి 12. నట్టనడుమ 8: రెండు గళ్లవి నాలుగు, నాలుగు గళ్లవి నాలుగు. చిన్న చతురస్రం కేంద్రం దగ్గర నాలుగు గళ్లూ లంబకోణంతోనే కలుస్తాయి. అలాంటి కేంద్రాలు నాలుగు కాబట్టి 16. ఎనిమిది, పన్నెండు, ఎనిమిది, పదహారు... మళ్లీ 44. రెండు దారులూ ఒకే చోటికి చేరాయంటే లెక్కను నమ్మవచ్చు.

బొమ్మ ఫొటోగా వచ్చినప్పుడు మాత్రం లెక్కకు ముందే కొంత పని ఉంటుంది. ఫోను పక్కకు వంచి తీస్తే చతురస్రం ఒకవైపు కుంచించుకుపోయి కనిపిస్తుంది. అయినా సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది, ఒక బిందువులో కలిసే గీతలు అదే బిందువులో కలుస్తాయి. కాబట్టి త్రిభుజాల సంఖ్య మారదు. చతురస్రాల సంగతి అలా కాదు. ఫొటో మీద స్కేలు పెట్టి కొలిస్తే భుజాలు సమానంగా రావు, కోణాలూ తప్పుతాయి. అసలు కాగితం మీద అది చతురస్రమని తెలిసినప్పుడే వాటిని లెక్కపెట్టగలం.

ఇంకో చిక్కు నట్టనడుమ ఉంటుంది. అక్కడ నాలుగు గీతలు ఒకే బిందువులో కలవాలి. చేత్తో గీసినప్పుడు ఒక గీత వెంట్రుకవాసి పక్కకు జరిగితే సన్నటి త్రిభుజాలు కొత్తగా పుట్టుకొస్తాయి. ఫొటోను పెద్దది చేసి చూసినవాళ్లకు అవి కనిపిస్తాయి, లెక్క పెరిగిపోతుంది. కాగితం మడత నీడ గీతలా కనిపించడం, పెన్సిల్ గీత వెలుగులో తేలిపోవడం కూడా మామూలే. ఆయిలర్ సరిచూపు ఇక్కడ ఆదుకోదు. ఒక గీతను మొత్తంగా చూడకుండా వదిలేస్తే, మిగిలిన బొమ్మకు కూడా ఆ సూత్రం చక్కగా సరిపోతుంది. అందుకే ముందు బొమ్మను వేరే కాగితం మీద స్కేలుతో మళ్లీ గీసుకుని, ప్రతి గీతా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో ఫొటోతో పోల్చుకోవాలి. గీత ఆగే చోటు ముఖ్యం. కర్ణం నట్టనడుమే ఆగిపోతే జవాబు వేరే అవుతుంది.

సూత్రాలు బట్టీపట్టినవాళ్లు బోల్తాపడేదీ ఇలాంటి తేడాల దగ్గరే. నాలుగు వరసలు, నాలుగు నిలువుల గళ్ల బొమ్మలో చతురస్రాలు 16, 9, 4, 1 కలిపి 30. ఆన్‌లైన్‌లో బాగా తిరిగిన ఒక బొమ్మలో అదే గళ్ల మీద, గడి అంతే ఉన్న మరో రెండు చతురస్రాలు గీతల కూడళ్ల మీద కూర్చుని ఉంటాయి. ఒక్కోదాన్నీ కింది గీతలు నాలుగు ముక్కలు చేస్తాయి కాబట్టి ఒక్కోటీ అయిదు చతురస్రాలను తెస్తుంది. జవాబు 40. ముప్పై దగ్గర ఆగినవాళ్లు సూత్రం తప్పుగా వాడలేదు, దాని కిందికి రాని గీతలను చూడలేదు.

మొదటి బొమ్మలోనూ ఇదే జరుగుతుంది. వజ్రం గీతలు నాలుగూ చెరిపేస్తే గళ్లు 8కి, త్రిభుజాలు 16కి, చతురస్రాలు 5కి పడిపోతాయి. అంటే 44 త్రిభుజాల్లో 28, పది చతురస్రాల్లో సగం ఆ నాలుగు ఏటవాలు గీతల మీదే ఆధారపడి ఉన్నాయి.