క్లర్కు ఉద్యోగాలకు టైపింగ్ పరీక్ష - వేగానికి ముందు కచ్చితత్వం

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంటర్మీడియట్ అర్హతతో నిర్వహించే సి.హెచ్.ఎస్.ఎల్. పరీక్షలో లోయర్ డివిజన్ క్లర్కు పోస్టులకు పోటీపడే అభ్యర్థులు టైపింగ్ పరీక్షలో అర్హత సాధించవలసి ఉంటుంది. దీని ఫలితం ర్యాంకుకు కలవదు. అయితే ఇందులో అర్హత పొందనివారికి రాత పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా క్లర్కు ఉద్యోగం లభించదు.

కావలసిన వేగం

పరీక్షా సమయం 10 నిమిషాలు. ఆంగ్లంలో నిమిషానికి 35 పదాలు, హిందీలో 30 పదాల వేగం ఉండాలి. దరఖాస్తులో ఎంచుకున్న భాషను తరువాత మార్చుకునే వీలు లేదు. సగటున 5 సార్లు మీట నొక్కితే ఒక పదంగా లెక్కిస్తారు. ఆ ప్రకారం ఆంగ్లంలో 10 నిమిషాలకు 350 పదాలు, అనగా 1,750 సార్లు మీటలు నొక్కవలసి ఉంటుంది.

తప్పుల లెక్కింపు

పదం వదిలివేయడం, అదనంగా చేర్చడం, ఒకదానికి బదులు మరొకటి కొట్టడం, అక్షరదోషం - ఇవి పూర్తి తప్పులు. పదాల మధ్య ఖాళీ లోపించడం, పెద్ద అక్షరాలు, విరామ చిహ్నాలలో పొరపాట్లు సగం తప్పులు. అనుమతించే తప్పుల శాతాన్ని కమిషన్ నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు, 350 పదాల పాఠంలో ఒక అభ్యర్థి 9 అక్షరదోషాలు, 8 సగం తప్పులు చేశాడనుకుందాం. మొత్తం 13 తప్పులు, అనగా 3.7 శాతం. అతడే 12 పదాలున్న ఒక పంక్తిని దాటవేస్తే తప్పులు 25కు, శాతం 7.1కి చేరుతుంది. చూపు పాఠం నుండి మీటలపైకి మళ్లి, తిరిగి వచ్చేటప్పుడు మరో పంక్తిపై పడటమే దీనికి ప్రధాన కారణం. కావున మీటలు చూడకుండా కొట్టడం అలవరచుకోవాలి.

ఎనిమిది వారాల సాధన ప్రణాళిక

రోజుకు ఒక గంట చాలును. మొదటి రెండు వారాలు వేగం పట్టించుకోక, ఎఫ్, జె మీటలపై గల చిన్న గీతలను చూపుడు వేళ్లతో గుర్తించి, మధ్య వరుస నుండి పైకి, కిందికి వేళ్లు కదపడం నేర్చుకోవాలి. తరువాతి రెండు వారాలు పెద్ద అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు సాధన చేయాలి. పెద్ద అక్షరం కొట్టే చేతితో కాక, రెండవ చేతితో షిఫ్ట్ మీట నొక్కాలి.

అయిదవ వారం నుండి ప్రతిరోజూ 10 నిమిషాల కొత్త పాఠం కొట్టి, తప్పులను పై పద్ధతిలో లెక్కించి నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ కొడితే అది కంఠస్థమై, వేగం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. తరచూ తప్పిన పదాలను మరునాడు ముందుగా నెమ్మదిగా కొట్టాలి. తప్పులు పెరిగిన రోజు వేగం తగ్గించాలి. చివరి రెండు వారాలు వేరే కంప్యూటర్లపై సాధన చేస్తూ, పరీక్ష నాటి తడబాటుకు మార్జిన్‌గా నిమిషానికి 40 పదాలు అందుకోవాలి.

పరీక్షలో అప్పుడే కొట్టిన పదంలో తప్పు కనిపిస్తే వెంటనే సరిదిద్దుకోవచ్చు. వెనుకటి పంక్తులకు మాత్రం తిరిగి వెళ్లరాదు. చూపు పాఠంలో స్థానం కోల్పోయేది అక్కడే.