ఫినాల్, నీరు: రెండు పొరలు ఒకటయ్యే చోటు

నీటిలో ఆల్కహాలు ఎంత పోసినా పూర్తిగా కలిసిపోతుంది. కిరోసిన్ ఎంత గిలక్కొట్టినా విడిపోయి పైకి తేలుతుంది. ఈ రెండు కొసల మధ్య, ఒకదానిలో ఒకటి కొంతమేరకే కలిసే ద్రవాల జంటలు ఉన్నాయి. వీటిని పాక్షిక మిశ్రణీయ ద్రవాలంటారు. వీటిలో కళాశాల ప్రయోగశాలలకు బాగా పరిచయమైన జంట ఫినాల్, నీరు. ఒకప్పుడు కార్బాలిక్ ఆమ్లం పేరుతో ఆసుపత్రుల్లో క్రిమిసంహారిణిగా వాడిన పదార్థమే ఈ ఫినాల్.

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటిలో కొద్దికొద్దిగా ఫినాల్ వేస్తూ పోతే, బరువులో సుమారు 8 శాతం వరకు అది కరిగి ద్రావణం తేటగా ఉంటుంది. ఆ పైన వేసినది గడ్డగా మిగిలిపోదు. అది కొంత నీటిని తనలో ఇముడ్చుకుని రెండో ద్రవంగా మారి అడుగున చేరుతుంది. ఈ అడుగు పొరలో ఫినాల్ సుమారు 72 శాతం, నీరు 28 శాతం ఉంటాయి. అంటే పాత్రలో ఉన్నవి ఒక నీటి పొర, ఒక ఫినాల్ పొర కావు. పైది ఫినాల్‌తో సంతృప్తమైన నీరు, కిందిది నీటితో సంతృప్తమైన ఫినాల్. ఒకదానితో ఒకటి సమతాస్థితిలో ఉండే ఈ రెండింటినీ సంయుగ్మ ద్రావణాలంటారు.

ఉష్ణోగ్రత పెరిగితే ఒకదానిలో మరొకటి కరగడం కూడా పెరుగుతుంది. 50 డిగ్రీల దగ్గర నీటి పొరలో ఫినాల్ 11 శాతానికి చేరుతుంది. ఫినాల్ పొరలో అది 63 శాతానికి తగ్గుతుంది. రెండు పొరల మధ్య తేడా అలా తరుగుతూ, 66 డిగ్రీల దగ్గర పూర్తిగా మాసిపోతుంది. ఈ కథనంతా ఒక్క గీతలో చూపేదే ఉష్ణోగ్రత–సంఘటనం పటం.

పటంలో అడ్డంగా మిశ్రమంలోని ఫినాల్ బరువు శాతం ఉంటుంది. ఎడమ కొస శుద్ధమైన నీరు, కుడి కొస శుద్ధమైన ఫినాల్. నిలువుగా ఉష్ణోగ్రత ఉంటుంది. ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర రెండు పొరల శాతాలను రెండు బిందువులుగా గుర్తించి, అన్నింటినీ కలిపితే గోపురం ఆకారంలో ఒక వక్రం వస్తుంది. గోపురం వెలుపల ఎక్కడ బిందువు పెట్టినా ఆ మిశ్రమం ఒకే తేట ద్రావణం. లోపల పెడితే అది రెండు పొరలుగా విడిపోతుంది. పీడనం మామూలు వాతావరణ పీడనమే అనుకుని ఈ పటాన్ని గీస్తారు.

ప్రయోగశాలలో పొరలను విడదీసి, ఒక్కోదాన్ని విశ్లేషించనక్కరలేదు. గట్టి గాజు పరీక్షనాళికలో తూచిన ఫినాల్, కొలిచిన నీరు తీసుకుని, థర్మామీటరు, కలియబెట్టే తీగ అమర్చి నీటి తొట్టెలో మెల్లగా వేడి చేస్తారు. మొదట పాలలా తెల్లగా ఉన్న మిశ్రమం ఒక ఉష్ణోగ్రత దగ్గర తేటపడుతుంది. దాన్ని రాసుకుని, మెల్లగా చల్లార్చుతూ తెలుపు మళ్లీ ఎక్కడ కనిపించిందో చూస్తారు. ఈ రెండింటి సగటు ఆ మిశ్రమానికి వక్రంపై ఒక బిందువును ఇస్తుంది. బ్యూరెట్ నుంచి మరికొంత నీరు చేర్చి ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తే గోపురం మొత్తం దొరుకుతుంది. రెండు రీడింగుల మధ్య తేడా డిగ్రీకి మించి ఉంటే, వేడి చేయడంలో తొందరపడ్డారని గానీ సరిగా కలియబెట్టలేదని గానీ అర్థం. ఫినాల్ చర్మాన్ని కాల్చి తెల్లటి మచ్చలు చేస్తుంది, చర్మం గుండా ఒంట్లోకీ చేరుతుంది. అందుకే ఈ పనికి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇప్పుడు పటాన్ని చదవడానికి 50 డిగ్రీల దగ్గర ఒక అడ్డగీత గీయాలి. అది గోపురాన్ని ఎడమ వైపు 11 శాతం దగ్గర, కుడి వైపు 63 శాతం దగ్గర తాకుతుంది. ఈ రెండు కొసల మధ్య ఉన్న గీతను టై లైన్ అంటారు. 24 గ్రాముల ఫినాల్‌ను 76 గ్రాముల నీటితో కలిపి 50 డిగ్రీల దగ్గర ఉంచారనుకుందాం. మొత్తం మీద ఫినాల్ 24 శాతం. ఈ బిందువు గోపురం లోపల పడుతుంది. కాబట్టి 24 శాతం ఫినాల్ ఉన్న ద్రవం ఆ పాత్రలో ఎక్కడా ఉండదు. ఉన్నవి 11 శాతం పొర, 63 శాతం పొర మాత్రమే. 24 అనేది ఆ రెండూ కలిసిన మొత్తానికి సగటు.

ఒక్కో పొర ఎంత ఉందో కూడా అదే గీత చెబుతుంది. కావడి మోసేవాడి భుజం బరువైన కుండకు దగ్గరగా ఉన్నట్టే, మొత్తం సంఘటనాన్ని చూపే బిందువు ఎక్కువ మోతాదులో ఉన్న పొర కొసకు దగ్గరగా ఉంటుంది. దీన్ని లీవర్ నియమం అంటారు. ఇక్కడ గీత మొత్తం పొడవు 63 లోంచి 11 తీసేస్తే 52. బిందువు ఎడమ కొసకు 13 దూరంలో, కుడి కొసకు 39 దూరంలో ఉంది. ఒక పొర వాటా తెలియాలంటే దానికి ఎదుటి కొస వరకు ఉన్న దూరాన్ని మొత్తం పొడవుతో భాగించాలి. నీటి పొర వాటా 52లో 39, అంటే ముప్పావు వంతు. ఫినాల్ పొర వాటా 52లో 13, అంటే పావు వంతు. 100 గ్రాముల మిశ్రమంలో పైపొర 75 గ్రాములు, అడుగు పొర 25 గ్రాములు.

లెక్క సరిచూసుకోవడం తేలిక. 75 గ్రాముల్లో 11 శాతం 8.25 గ్రాములు, 25 గ్రాముల్లో 63 శాతం 15.75 గ్రాములు. రెండూ కలిపితే పోసిన 24 గ్రాముల ఫినాల్ వస్తుంది. దూరాలను తారుమారు చేసి దగ్గరి కొస దూరాన్నే ఆ పొర వాటాగా తీసుకోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఈ సరిచూపులో అది వెంటనే బయటపడుతుంది. అప్పుడు ఫినాల్ మొత్తం 24కు బదులు 50 గ్రాములు వస్తుంది.

అదే 50 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో ఫినాల్ చేరుస్తూ పోతే పటం ఇంకాస్త స్పష్టంగా అర్థమవుతుంది. సుమారు 12.4 గ్రాముల వరకు ఒకటే ద్రావణం. అది దాటగానే 63 శాతం ఫినాల్ ఉన్న చిన్న బొట్లు అడుగుకు దిగుతాయి. 100 గ్రాములు చేర్చే సరికి మొత్తం 200 గ్రాముల్లో నీటి పొర 50, ఫినాల్ పొర 150 గ్రాములు అవుతుంది. సుమారు 170 గ్రాముల దగ్గర నీటి పొర చివరి బొట్టు కూడా మాయమై మళ్లీ ఒకటే ద్రావణం మిగులుతుంది. ఈ మొత్తం ప్రయాణంలో పొరల శాతాలు 11, 63 దగ్గరే స్థిరంగా ఉన్నాయి. మారింది వాటి మోతాదులు మాత్రమే.

శాతాన్ని స్థిరంగా ఉంచి వేడి చేస్తే పటంలో నిలువుగా పైకి కదిలినట్టు. 24 శాతం మిశ్రమం వేడెక్కుతుంటే టై లైన్ పొట్టిదవుతుంది, బిందువు దాని ఎడమ కొసకు చేరువవుతుంది. అడుగు పొర తరిగి తరిగి కనుమరుగవుతుంది, నీటి పొరే పాత్రంతా నిండుతుంది. 50 శాతం మిశ్రమంలో దీనికి వ్యతిరేకంగా పైపొర తరిగి మాయమవుతుంది. సరిగ్గా శిఖరం కింద ఉన్న మిశ్రమంలో మాత్రం ఏ పొరా తరిగిపోదు. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటూనే ఒకదానిలా ఒకటి మారుతూ వస్తాయి. చివరకు వాటి మధ్య సరిహద్దు మసకబారి పాత్ర నడుమనే చెరిగిపోతుంది. ఆ శిఖరాన్నే ఎగువ సందిగ్ధ బిందువు అంటారు. అక్కడి ఉష్ణోగ్రత, అంటే సుమారు 66 డిగ్రీలు, ఎగువ సందిగ్ధ ద్రావణ ఉష్ణోగ్రత. అంతకు మించిన వేడిలో ఫినాల్, నీరు ఏ పాళ్లలోనైనా కలుస్తాయి.

శిఖరం ఉష్ణోగ్రతను చదవడం సులువు, అక్కడి సంఘటనాన్ని చదవడం కష్టం. గోపురం పైభాగం దాదాపు చదునుగా ఉండడంతో కొన్ని శాతాల తేడా ఉన్న మిశ్రమాలన్నీ ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత దగ్గర తేటపడతాయి. పైగా శిఖరానికి చేరువలో తేట ద్రావణం కూడా నీలి ఛాయతో మసకగా మెరుస్తుంది. దాన్నే పొరలు విడిపోవడంగా పొరబడే అవకాశం ఉంది. అందుకే శిఖరాన్ని నేరుగా గుర్తించకుండా టై లైన్ల మధ్య బిందువులను వాడతారు. 20 డిగ్రీల దగ్గర 8, 72ల మధ్య బిందువు 40. 50 డిగ్రీల దగ్గర 11, 63ల మధ్య బిందువు 37. ఈ మధ్య బిందువులు దాదాపు ఒకే సరళరేఖపై ఉంటాయి. 30 డిగ్రీలకు 3 శాతం తగ్గితే, మరో 16 డిగ్రీలకు 1.6 తగ్గుతుంది. ఆ రేఖను 66 డిగ్రీల వరకు పొడిగిస్తే సుమారు 35 శాతం వస్తుంది. ప్రయోగాల్లో దొరికే సుమారు 34 శాతానికి ఇది చాలా దగ్గర.

అడ్డ అక్షంపై ఏముందో చూడకుండా ఈ లెక్కలేవీ మొదలుపెట్టకూడదు. బరువు శాతం ఉంటే లీవర్ నియమం పొరల బరువులను ఇస్తుంది. మోల్ భాగాలుంటే అదే నియమం మోల్‌ల సంఖ్యను ఇస్తుంది. ఫినాల్ అణువు నీటి అణువుకు ఐదు రెట్లకు పైగా బరువైనది కావడంతో, బరువులో 34 శాతం అంటే మోల్ భాగాల్లో 0.09 మాత్రమే. అందువల్ల ఈ రెండు పటాల్లో గోపురం ఆకారమే మారిపోతుంది.

పొరలు ఏర్పడడానికి కారణం అణువుల మధ్య ఆకర్షణల్లోని తేడా. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఫినాల్‌లోని ఒక హైడ్రాక్సిల్ సమూహం ఆ వరుసలో చేరగలదు కానీ, దాని బెంజీన్ వలయానికి అక్కడ చోటు కుదరదు. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ కలిసిపోవాలనే ధోరణిది పైచేయి అవుతుంది. నీటిలో మాత్రమే కరిగే ఉప్పును చేరిస్తే ఈ పొత్తు ఇంకా చెడి గోపురం పైకి లేస్తుంది. సుమారు 1 శాతం సోడియం క్లోరైడ్ ఉంటే శిఖరం దాదాపు 12 డిగ్రీలు పెరుగుతుంది. సబ్బు లాంటి, రెంటికీ పొసిగే పదార్థం శిఖరాన్ని దించుతుంది. అందువల్ల ప్రయోగంలో 66కు బాగా దూరంగా విలువ వస్తే, నీరు గానీ ఫినాల్ గానీ శుద్ధంగా లేదని మొదట అనుమానించాలి.

ఔషధశాలలు ఈ పటం కుడి అంచును వాడుకున్నాయి. శుద్ధ ఫినాల్ 41 డిగ్రీల లోపు గడ్డగా ఉండి తూచడానికి, పోయడానికి ఇబ్బంది పెడుతుంది. సుమారు 80 పాళ్ల ఫినాల్‌కు 20 పాళ్ల నీరు చేరిస్తే గది ఉష్ణోగ్రతలో అది ద్రవంగా నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర గోపురం కుడి అంచు 72 శాతం కాబట్టి, 80 శాతం మిశ్రమం వెలుపలే ఉండి పొరలుగా విడిపోదు. నీరు మరికాస్త ఎక్కువై ఫినాల్ 72 శాతానికి తగ్గితే, సీసాలో రెండో పొర కనిపిస్తుంది.

ద్రవాల జంటలన్నీ ఇదే గోపురాన్ని ఇవ్వవు. ట్రైఇథైల్ అమీన్, నీరు సుమారు 18.5 డిగ్రీల లోపు పూర్తిగా కలిసి, ఆ పైన విడిపోతాయి. వాటి పటం బోర్లించిన గోపురం. నికొటిన్, నీటి జంటకు కింద 61 డిగ్రీల దగ్గర ఒకటి, పైన సుమారు 208 డిగ్రీల దగ్గర మరొకటి చొప్పున రెండు సందిగ్ధ బిందువులుండి, వక్రం మూసుకున్న వలయంగా ఉంటుంది. అక్కడ కూడా అడ్డగీత కొసలు పొరల సంఘటనాలను, ఆ కొసల వరకు ఉన్న దూరాలు పొరల మోతాదులను చెబుతాయి.